రిజిస్టర్ ఫోటో నుంచి అటెండెన్స్ లెక్క: వరుస చివరి అంకె చెప్పేదేమిటి

సెమిస్టర్ చివరి వారంలో ఇంజినీరింగ్ కాలేజీ డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి రిజిస్టర్ పేజీల ఫోటోలు వచ్చి పడతాయి. ఒకటి వంకరగా, ఒకటి సగం నీడలో, ఒకదానిపై తీసినవారి బొటనవేలు. సాయంత్రానికల్లా డిటెన్షన్ లిస్ట్ కావాలని పైనుంచి కబురు. ఆ ఫోటోలు ముందేసుకుని ఎవరో ఒకరు, ఎక్కువగా కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరే, గడి గడీ లెక్కపెడుతూ కూర్చుంటారు. అరవై మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి ఇరవైకి పైగా గడులు, అంటే పేజీల జత ఒక్కటే పదమూడు వందల గడుల పైమాట. ఇన్ని లెక్కపెడితే ఎక్కడో ఒకచోట తప్పడం ఖాయం. ఎక్కడ తప్పిందో మాత్రం తెలియదు.

నిజానికి ఇన్ని గడులు లెక్కపెట్టక్కర్లేదు. మన కాలేజీల్లో రిజిస్టర్ రాసే పద్ధతిలోనే సగం పని అయిపోయి ఉంటుంది. హాజరైన విద్యార్థికి చాలామంది లెక్చరర్లు టిక్కు పెట్టరు, వరుస అంకె వేస్తారు. మొదటి క్లాసుకు వస్తే 1, రెండోదానికి వస్తే 2, మూడోదానికి రాకపోతే ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్ గుర్తు, నాలుగోదానికి వస్తే 3. అంటే ఏ రోజు చూసినా ఆ విద్యార్థి గడిలో ఉన్న అంకె అప్పటిదాకా అతను హాజరైన పీరియడ్ల మొత్తం. ‘సార్, నాకెంతయింది?’ అని పిల్లలు అడిగితే వెంటనే చెప్పడానికి పుట్టిన అలవాటు ఇది. ఫోటో నుంచి లెక్క తీసేవారికి ఇంతకంటే మేలైన ఏర్పాటు దొరకదు.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఎంత కచ్చితంగా లెక్కించాలో దాన్నిబట్టే తేలుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ నిబంధనల ప్రకారం సెమిస్టర్ చివరి పరీక్షలు రాయడానికి అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 లోపు ఉంటే, తగిన కారణం చూపించి, నిర్ణీత ఫీజు కడితే కాలేజీ కమిటీ మన్నించవచ్చు. దీన్నే కండొనేషన్ అంటారు. 65 కంటే తగ్గితే ఎవరూ మన్నించలేరు, డిటైన్ చేయడమే. అంటే గీతలు రెండున్నాయి. ఈ రెండు గీతలకు దూరంగా ఉన్న విద్యార్థి విషయంలో ఒకటీ అరా అటూ ఇటూ అయినా ఫలితం మారదు. గీత దగ్గరున్నవాడికి ఒక్క గడే అంతా.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం, ప్రస్తుతానికి ఈ గీతలను ఒక్క సబ్జెక్టుకే పెట్టి చూద్దాం. ఒక సెక్షన్ గణితం రిజిస్టర్‌లో రెండో పేజీ. మొదటి పేజీలో 26 పీరియడ్లు జరిగాయి. ఈ పేజీలో తేదీలు వేసిన నిలువు గడులు 24. వాటిలో రెండింటికి పైనుంచి కిందికి గీత కొట్టి ఉంది: ఒకటి కాలేజీ ఫెస్ట్, ఇంకొకటి బంద్. కాబట్టి ఈ పేజీలో జరిగినవి 22, మొత్తం 48. 48లో 75 శాతం అంటే 36, 65 శాతం అంటే 31.2, అంటే కనీసం 32. ప్రతి వరుసలో మొదట గత పేజీ చివరి అంకె ఉంటుంది, అక్కణ్నుంచి వరుస కొనసాగుతుంది.

ప్రతి విద్యార్థి వరుసకూ ఒకే పరీక్ష: చివరి అంకెలోంచి గత పేజీ అంకె తీసేసి, దానికి ఈ పేజీలో కనిపించిన ఆబ్సెంట్లు కలపాలి. 22 రావాలి. రోల్ నంబర్ 17 వరుసలో గత పేజీ అంకె 20, చివరి అంకె 36, ఆబ్సెంట్లు 6. 36లోంచి 20 పోతే 16, దానికి 6 కలిపితే 22. సరిపోయింది. 48కి 36 అంటే సరిగ్గా 75 శాతం, గట్టున పడ్డాడు. ఇందుకోసం లెక్కపెట్టింది ఆరు ఎర్ర గుర్తులు, చూసింది రెండు అంకెలు, అంతే. పదహారు నీలం అంకెలను తాకనే లేదు.

సరిపోనప్పుడే అసలు సంగతి మొదలవుతుంది. 23వ నంబర్ వరుసలో గత పేజీ అంకె 21, చివరి అంకె 35, ఆబ్సెంట్లు 7. 14కి 7 కలిపితే 21. ఒకటి తక్కువ. ఇలా తక్కువ వస్తే కారణం రెండింట్లో ఒకటి అయి ఉంటుంది: ఒక ఆబ్సెంట్ గుర్తు ఫోటోలో కనపడకుండా పోయింది, లేదా లెక్చరర్ ఒకే అంకెను రెండుసార్లు వేశారు. మొదటిదైతే ఆ పిల్లవాడి హాజరు 35, అంటే 72.9 శాతం. రెండోదైతే 36, అంటే 75 శాతం. ఒకటైతే కండొనేషన్ ఫీజు, ఇంకొకటైతే నేరుగా హాల్ టికెట్. ఈ వరుసను మాత్రం గడి గడీ చదవాల్సిందే:

```
22 23 A 24 25 26 A A 27 28 29 A 29 30 31 A 32 33 A 34 A 35
```

ఇరవై రెండు గడులూ కనిపిస్తున్నాయి, ఏదీ ఖాళీ లేదు. అయితే 29 రెండుసార్లు ఉంది, మధ్యలో ఒక ఆబ్సెంట్. లెక్చరర్ తర్వాతి అంకె వేసేముందు వెనక గడిలోకి చూడాలి. అక్కడ ఆబ్సెంట్ ఉంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. అదుగో, అక్కడే తడబాటు. ఇలాంటి తప్పులు వరుసలో ఎక్కడపడితే అక్కడ రావు, దాదాపు ఎప్పుడూ ఆబ్సెంట్ గుర్తు తర్వాతి గడిలోనో, పేజీ తిప్పాక మొదటి గడిలోనో వస్తాయి. అందుకే వెతకడం కూడా అక్కడే మొదలుపెడితే పని తొందరగా అవుతుంది. అంకెలున్న గడులు లెక్కపెడితే 15, పాతవి 21, మొత్తం 36. చివరి అంకె 35 అంటున్నా, గడులు మాత్రం 36 అంటున్నాయి.

31వ నంబర్ వరుస ఇంకో రకం. రెండు పేజీలు కలిసే మడత దగ్గర నీడ పడి రెండు గడులు నల్లగా వచ్చాయి. గత పేజీ అంకె 22, చివరి అంకె 38, కనిపించే ఆబ్సెంట్లు 4. 16కి 4 కలిపితే 20, రెండు తక్కువ. నీడలో ఉన్నవీ రెండే. ఆ రెండు గడుల్లో హాజరు ఉండి ఉంటే చివరి అంకె వాటిని కూడా కలుపుకునే వచ్చేది, లోటు కనిపించేది కాదు. లోటు రెండు వచ్చిందంటే అవి రెండూ ఆబ్సెంట్లే. నమ్మకం చాలకపోతే నీడకు అటూ ఇటూ చూస్తే సరి: ఇటు 27, అటు 28 ఉంటే మధ్యలో హాజరు లేనట్టే, అటు 30 ఉంటే రెండూ హాజరే. గడి కనిపించకుండానే అందులో ఏముందో తెలిసిపోయింది. టిక్కులు పెట్టిన రిజిస్టర్‌లో ఇది అసాధ్యం. అక్కడ కనిపించని గడి కనిపించనట్టే.

42వ నంబర్ వరుసలో ఎక్కువ వచ్చింది. గత పేజీ అంకె 19, చివరి అంకె 36, ఆబ్సెంట్లు 6. 17కి 6 కలిపితే 23. జరిగిందే 22 అయితే 23 ఎలా వస్తుంది? వరుసలో 24 తర్వాత నేరుగా 26 ఉంది, 25 ఎగిరిపోయింది. గడుల ప్రకారం అసలు హాజరు 35. ఇది కాస్త చిక్కు వ్యవహారం, దీని దగ్గరికి చివర్లో వద్దాం.

ఎక్కువ రావడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. సెమిస్టర్ మొదటి రోజుల్లో అంకెలు ఒంటరిగా ఉంటాయి కాబట్టి, పైభాగం కలిపి రాసిన 4 ఫోటోలో ఆబ్సెంట్ గుర్తులా కనిపిస్తుంది. చదివేది మనిషైనా, ఫోన్లో బొమ్మను పట్టికగా మార్చే ఆప్ అయినా ఇక్కడ బోల్తా కొడతారు. ముందు 3, వెనక 5 ఉంటే మధ్యలోది నాలుగే. ఇంకు రంగు కూడా సాయం చేస్తుంది, ఫోటోలో రంగు మిగిలి ఉంటేనే.

ఆ రంగు గురించి ఒక్క మాట. పేజీ నీటుగా కనిపించాలని చాలామంది స్కానింగ్ ఆప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేసి పంపుతారు. నీలం అంకెలు చక్కగా నల్లబడతాయి, పలచటి ఎర్ర ఇంకు మాత్రం కాగితం తెలుపులో కలిసిపోవచ్చు. సరిగ్గా ఏ గుర్తులు లెక్కపెట్టాలో అవే మాయమవుతాయన్నమాట. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉండే ఈ ఫోటో మురికిగా ఉన్న రంగు ఫోటో కంటే ప్రమాదకరం. చాలా వరుసల్లో ఒకేసారి లోటు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఫిల్టర్‌నే. రంగు ఫోటో మళ్లీ అడగడం ఉత్తమం. తీసేవారు పుస్తకాన్ని కిటికీ వెలుతురులో పరిచి, పేజీ ఎడమ సగం, కుడి సగం విడివిడిగా, రెండు మూడు నిలువు గడులు రెండింట్లోనూ పడేలా తీస్తే చాలు.

కుడి సగంలో వచ్చే కష్టం వేరు. రోల్ నంబర్లు ఎడమ చివర ఉంటాయి, ఫోటో కాస్త వంగితే ఇరవయ్యో గడి దగ్గరికి వచ్చేసరికి కన్ను ఒక వరుస కిందికి జారుతుంది. ఒక విద్యార్థి సగం హాజరు, పక్క విద్యార్థి సగం హాజరు కలిపి ఒక కొత్త మనిషి తయారవుతాడు. ఇదీ వరుస అంకెల వల్లే దొరుకుతుంది: 30 తర్వాత ఉన్నట్టుండి 26 వచ్చిందంటే జారింది లెక్చరర్ చెయ్యి కాదు, చదివేవారి కన్ను.

ఇక జరిగిన పీరియడ్ల సంఖ్య. అందరి శాతాలకూ కింద ఉండేది ఇదే కాబట్టి ఇక్కడ ఒకటి తప్పితే సెక్షన్ మొత్తం తప్పుతుంది. తేదీలు లెక్కపెట్టడం మొదటి పని, ఒకే తేదీ రెండుసార్లు ఉంటే అవి వరుసగా జరిగిన రెండు పీరియడ్లు, డూప్లికేట్ కాదు. సరిచూసుకోవడానికి తేలిక దారి ఒకటుంది: దాదాపు ప్రతి సెక్షన్‌లో ఒక్క క్లాసూ మానని అమ్మాయో అబ్బాయో ఉంటారు. ఆ వరుస చివరి అంకె 48 అయితే జరిగినవి 48. అక్కడ 48 ఉండి, మన లెక్కలో 50 వస్తే గీత కొట్టిన గడులను కూడా కలిపేసుకున్నట్టు.

ఈ వరుస పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఒకే వరుసలో ఒక ఆబ్సెంట్ కనపడకపోయి, ఒక అంకె ఎగిరిపోయి ఉంటే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి, 22 చక్కగా వచ్చేస్తుంది. అప్పుడు పనికొచ్చేది నిలువు లెక్క. చాలామంది లెక్చరర్లు ప్రతి తేదీ కింద ఆ పీరియడ్‌కు ఎంతమంది వచ్చారో వేసి పొట్టి సంతకం చేస్తారు. ఆ నిలువులో కనిపించే ఆబ్సెంట్లను లెక్కపెట్టి, సెక్షన్ మొత్తంలోంచి తీసేసి ఈ అంకెతో పోలిస్తే దాగిన తప్పు బయటపడుతుంది. కాకపోతే అరవై మంది ఒక పేజీలో పట్టరు, కింద వేసిన మొత్తం రెండు పేజీలదీ కలిపి ఉంటుంది. మిగతా విద్యార్థులున్న పేజీ ఫోటో రాకపోతే ఈ దారి మూసుకున్నట్టే.

ఇంత చేశాక కూడా కొన్ని గడులు తేలవు: కొట్టేసి మళ్లీ రాసినవి, తడిసినవి, ఆబ్సెంట్ గుర్తు మీదే అంకె దిద్దినవి. ఎన్‌సీసీ క్యాంపుకో ఆటలకో వెళ్లినవారికి ఇచ్చే ఆన్ డ్యూటీ అనుమతి కాగితం వచ్చిందో లేదో తెలియనివీ ఇందులోకే వస్తాయి. వీటిని ఊహించి హాజరనో గైర్హాజరనో తేల్చేయడం తప్పు. షీట్‌లో వాటికో నిలువు వేరుగా పెట్టాలి. C లో ఖాయంగా హాజరైనవి, D లో జరిగినవి, E లో తేలని గడులు అనుకుంటే, ఆ గడులన్నీ ఆబ్సెంట్ అనుకుని ఒకసారి, అన్నీ హాజరు అనుకుని ఒకసారి చూడాలి. రెండుసార్లూ గీతకు ఒకే వైపు ఉంటే ఆ గడుల్లో ఏముందో తెలియక్కర్లేదు. మారితేనే రిజిస్టర్ తెప్పించాలి.

```
=IF((C2*100>=75*D2)=((C2+E2)*100>=75*D2),"తేలింది","రిజిస్టర్ చూడాలి")
```

65 గీతకూ ఇదే సూత్రం, 75 బదులు 65. ఉదాహరణకు 48కి ఖాయంగా 38 ఉండి మూడు గడులు తేలకపోయినా ఏ గొడవా లేదు. ఖాయంగా 34 ఉండి అవే మూడు తేలకపోతే 34 నుంచి 37 దాకా ఏదైనా కావచ్చు, గీత సరిగ్గా మధ్యలో ఉంది. రిజిస్టర్ కోసం స్టాఫ్ రూమ్‌కు వెళ్లాల్సింది ఇలాంటి కొద్దిమంది కోసమే.

ఇక్కడిదాకా వచ్చింది ఒక్క సబ్జెక్టు లెక్క. పైన చెప్పిన నిబంధన అన్ని సబ్జెక్టులూ కలిపి అడుగుతోంది, కాబట్టి గణితంలో 72.9 వచ్చినంత మాత్రాన ఎవరినీ లిస్టులో పెట్టకూడదు. కలిపేటప్పుడు అందరూ చేసే పొరపాటు శాతాల సగటు తీయడం. ఒక విద్యార్థి గణితంలో 48కి 32, ల్యాబ్‌లో 21కి 18 వచ్చాడనుకుందాం. శాతాలు 66.7, 85.7. సగటు తీస్తే 76.2, అర్హుడు. కానీ హాజరైనవన్నీ కలిపితే 50, జరిగినవన్నీ కలిపితే 69, శాతం 72.5. అర్హుడు కాదు. సగటులో 21 పీరియడ్ల ల్యాబ్‌కు 48 పీరియడ్ల గణితంతో సమానంగా బరువు దక్కడమే ఈ తేడాకు కారణం. కలిపి అంటే హాజరైనవన్నీ ఒకచోట, జరిగినవన్నీ ఒకచోట కలిపి భాగించడమే.

ల్యాబ్‌లో మరో మెలిక ఉంది. మూడు పీరియడ్ల ల్యాబ్‌కు రిజిస్టర్‌లో గడి ఒక్కటే. కొందరు అందులో 3, 6, 9 అని వేస్తారు, కొందరు 1, 2, 3 అని. ఇదే విద్యార్థిని రెండో పద్ధతిలో లెక్కిస్తే ల్యాబ్ 7కి 6 అవుతుంది, మొత్తం 55కి 38, అంటే 69.1. మనిషి అదే, హాజరు అదే, శాతం మూడు రకాలు. ల్యాబ్ రిజిస్టర్ ఫోటో వచ్చినప్పుడు ముందు చూడాల్సింది అంకె ఒకటి చొప్పున పెరుగుతోందా, మూడు చొప్పునా అని. ఒకటి చొప్పున పెరుగుతుంటే మూడుతో గుణించాకే మిగతా వాటితో కలపాలి.

చివరి మెట్టు దశాంశం దగ్గర. మొత్తం 330 పీరియడ్లు జరిగితే 75 శాతం అంటే 247.5, కాబట్టి 248 కావాలి. 246 ఉన్నవారికి 74.55 వస్తుంది, ఎక్సెల్‌లో గడిని దశాంశాలు లేకుండా పెట్టుకుంటే తెర మీద 75% అని కనిపిస్తుంది. లోపల విలువ మాత్రం 0.7455గానే ఉంటుంది. దాంతో లిస్టులో 75% పక్కనే ఎర్ర రంగు వస్తుంది, ‘75 ఉన్నా నన్నెందుకు ఆపారు’ అని పేచీ మొదలవుతుంది. ROUND వాడితే ఇంకా ఘోరం, అసలు విలువే 75 అయిపోయి అర్హత లేనివారు దాటిపోతారు. శాతం చూపించడానికి రెండు దశాంశాలు పెట్టుకుని, తీర్పు మాత్రం భాగహారం లేకుండా పూర్ణాంకాలతో ఇవ్వడం సుఖం:

```
=IF(C2*100>=75*D2,"అర్హత",IF(C2*100>=65*D2,"కండొనేషన్","డిటైన్"))
```

రోల్ నంబర్లలోనూ ఒక ఉచ్చు పొంచి ఉంటుంది. హాల్ టికెట్ నంబర్ చివర్లో 99 దాటాక A0, A1 అంటూ సాగి, B, C మీదుగా E దాకా వెళ్తుంది. పొడవు నంబరంతా ఎందుకని చివరి నాలుగు అక్షరాలే టైప్ చేస్తే, కంప్యూటర్ సైన్స్ బ్రాంచిలో (కోడ్ 05) `05E2` అనే విద్యార్థి ఎక్సెల్‌లో `5.00E+02` అయిపోతాడు, అంటే అయిదు వందలు. పేర్లతో జత చేసేటప్పుడు అతను ఎక్కడా దొరకడు, లిస్టులోనూ ఉండడు. టైప్ చేయకముందే ఆ నిలువును టెక్స్ట్‌గా మార్చుకోవాలి, లేదా పూర్తి నంబర్ రాయాలి.

ఇప్పుడు 42వ నంబర్ సంగతి. రిజిస్టర్ చివరి అంకె 36. నెలల తరబడి ఆ విద్యార్థికి చెబుతూ వచ్చిన అంకె అదే. గడుల్లో ఉన్న హాజరు 35. మిగతా సబ్జెక్టులు కలిపాక ఈ ఒక్కటి అతన్ని 75కి అటో ఇటో పడేసే పరిస్థితి ఉందనుకుందాం. హాజరైన గడులే సాక్ష్యం, వరుస అంకె వాటి మొత్తం మాత్రమే కాబట్టి లెక్క ప్రకారం 35. అలాగని ఫోటో చూసి లెక్క తీసినవారు దాన్ని తమంతట తాము 35గా దిద్దేయకూడదు. 23వ నంబర్ విషయంలోనూ అంతే, అక్కడ దిద్దుబాటు విద్యార్థికి మేలు చేసేదే అయినా సరే. షీట్‌లో ‘చివరి అంకె 36, గడులు 35, 25 ఎగిరింది’ అని రాసి, ఆ గడి చుట్టూ గీత గీసిన ఫోటోతో పాటు సబ్జెక్టు లెక్చరర్‌కు పంపాలి. ఆయన రిజిస్టర్‌లో 26ను 25గా మార్చి, అక్కణ్నుంచి చివరిదాకా ఉన్న అంకెలన్నీ ఒక్కొక్కటి తగ్గించి, పక్కన సంతకం, తేదీ వేస్తారు. అది పూర్తయ్యేదాకా ఆ రెండు పేర్లూ అర్హుల లిస్టులోనూ ఉండవు, డిటెన్షన్ లిస్టులోనూ ఉండవు, ‘రిజిస్టర్ చూడాలి’ అన్న మూడో లిస్టులో ఉంటాయి.